మేకుల మధ్య ఎంత దూరం ఉండాలి? వెబ్‌లో షియర్ స్ట్రెస్ నుంచి జాయింట్‌లో షియర్ ఫ్లో దాకా

మూడు చెక్క పలకలతో ఐ ఆకారపు దూలం చేయాలనుకుందాం. పైన ఒక అడ్డ పలక, కింద ఒక అడ్డ పలక, మధ్యలో నిలువుగా మూడోది. మేకులు కొట్టకుండా ఒకదానిపై ఒకటి పేర్చి బరువు పెడితే మూడూ వేటికవే వంగుతాయి. పై పలక అడుగు ముఖం సాగుతుంది. సరిగ్గా దాన్ని ఆనుకుని ఉన్న నిలువు పలక పై అంచు మాత్రం కుదించుకుంటుంది. ఒకటి సాగుతూ ఇంకొకటి కుదించుకుంటే ఆ రెండూ ఒకదానిపై ఒకటి జారక తప్పదు. ఆ జారుడు దూలం చివర్లలో ఎక్కువగా ఉంటుంది, మధ్యలో ఉండదు.

మేకు పని ఈ జారుడును ఆపడం. చాలామంది మేకు అంటే పలకను కిందికి అదిమి పట్టేదిగా ఊహించుకుంటారు. ఇక్కడ దానిమీద పడే బలం ఆ దిశలో ఉండదు. దూలం పొడవు వెంబడి, మేకును అడ్డంగా కోసేలా పడుతుంది. ఆ బలం ప్రతి మిల్లీమీటరు పొడవుకు ఎన్ని న్యూటన్లో తెలిస్తే, ఒక్క మేకు ఎన్ని న్యూటన్లు మోయగలదో చూసి దూరం చెప్పేయవచ్చు. మొదటి అంకెనే షియర్ ఫ్లో అంటారు. దాన్ని రాబట్టే సూత్రం చిన్నదే. అందులో ఒకే ఒక్క పదం దగ్గర దాదాపు అందరూ తడబడతారు. అక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుదాం.

## లెక్కకు తీసుకునే దూలం

పైనా కిందా ఉన్న అడ్డ పలకలే ఫ్లాంజ్‌లు, ఒక్కొక్కటి 150 మి.మీ. వెడల్పు, 50 మి.మీ. మందం. మధ్యలోని నిలువు పలక వెబ్, 50 మి.మీ. మందం, 200 మి.మీ. ఎత్తు. మొత్తం ఎత్తు 300 మి.మీ. రెండు చివర్లా ఆనించి పెట్టిన దూలం, స్పాన్ 4 మీటర్లు, పొడవంతా మీటరుకు 1 కిలోన్యూటన్ చొప్పున సమంగా పరుచుకున్న లోడ్. మేకులు ఫ్లాంజ్ పైనుంచి నిలువుగా వెబ్ అంచులోకి దిగుతాయి, ఒకే వరుస. మేకు 4 మి.మీ. వ్యాసం, 100 మి.మీ. పొడవు. అడ్డంగా పడే బలానికి ఒక్కో మేకు 500 న్యూటన్లు మోయవచ్చని పెట్టుకుంటున్నాను. మీ దగ్గర ఈ విలువ కలప సాంద్రతను బట్టి, తేమను బట్టి, లోడ్ ఎంతకాలం ఉంటుందన్న దాన్ని బట్టి మారుతుంది. మీరు పాటించే కోడ్‌లోని పట్టిక నుంచే తీసుకోండి.

యూనిట్లు మొదట్లోనే తేల్చుకుందాం. అన్నీ న్యూటన్లు, మిల్లీమీటర్లలోనే. అలా చేస్తే స్ట్రెస్ నేరుగా మెగాపాస్కల్‌లలో వస్తుంది, షియర్ ఫ్లో N/mm లో వస్తుంది, మధ్యలో సున్నాలు లెక్కపెట్టుకునే బాధ ఉండదు.

ఆధారం దగ్గర షియర్ ఫోర్స్ గరిష్ఠం:

```
V = wL/2 = 1 × 4000 / 2 = 2000 N
```

## నిలువు బలం పొడవు వెంబడి ఎలా తిరుగుతుంది

లోడ్ కిందికి, రియాక్షన్ పైకి. మరి మేకు మీద అడ్డంగా బలం ఎక్కడినుంచి వచ్చింది? ఇది అర్థమైతే సూత్రాన్ని గుర్తుపెట్టుకోవాల్సిన పని ఉండదు.

దూలంలో పక్కపక్కనే రెండు కోతలు ఊహించండి, మధ్య దూరం dx. రెండు చోట్లా బెండింగ్ మూమెంట్ ఒకటి కాదు. స్పాన్ మధ్య వైపున్న కోతలో కొంచెం ఎక్కువ. మూమెంట్ ఎక్కువైతే పై ఫ్లాంజ్‌లో ఒత్తిడి బలం కూడా ఎక్కువ. అంటే ఆ చిన్న ఫ్లాంజ్ ముక్కను ఒకవైపు నుంచి ఎక్కువ బలం, ఇంకోవైపు నుంచి తక్కువ బలం నెడుతున్నాయి. ముక్క మాత్రం కదలకుండా ఉంది. ఆ తేడాను ఎవరో పట్టి ఉంచాలి. పైన గాలి, పక్కల గాలి. మిగిలింది కింద వెబ్‌తో కలిసే ముఖం ఒక్కటే.

ఫ్లాంజ్‌లో మొత్తం బలం MQ/I. మూమెంట్ dM మారితే ఆ బలం dM·Q/I మారుతుంది. దాన్ని dx తో భాగించి, dM/dx అంటే షియర్ ఫోర్స్ V అని గుర్తుచేసుకుంటే:

```
q = V Q / I        (N/mm)
τ = q / t = V Q / (I t)        (N/mm²)
```

ఇక్కడ q అంటే షియర్ ఫ్లో, τ అంటే షియర్ స్ట్రెస్, I అంటే మొత్తం కోత ముఖం మొమెంట్ ఆఫ్ ఇనర్షియా, t అంటే మనం కోస్తున్న గీత దగ్గర వెడల్పు. Q గురించి తర్వాత వివరంగా చూద్దాం.

ఈ సూత్రం చెక్క నుంచే పుట్టింది. 1851లో రాకపోకలు మొదలైన సెయింట్ పీటర్స్‌బర్గ్–మాస్కో రైలు మార్గానికి చెక్క వంతెనలు కట్టిన రష్యన్ ఇంజనీరు ద్మీత్రీ జురావ్‌స్కీ దీన్ని రాబట్టాడు. దానికి కారణం ఉంది. చెక్క తన పీచు వెంబడి సులభంగా చీలుతుంది కాబట్టి పొడవు వెంబడి షియర్ ఎంతో తెలియకపోతే ఎత్తైన చెక్క దూలం కట్టడం కష్టం. ఇనుముతో పనిచేసేవాళ్లకు అంతగా అవసరపడని ప్రశ్న అది.

## మొదటి మెట్టు: I

కోత ముఖం పైకీ కిందికీ ఒకేలా ఉంది కాబట్టి న్యూట్రల్ యాక్సిస్ సరిగ్గా మధ్యలో, అడుగునుంచి 150 మి.మీ. ఎత్తులో. పూర్తి దీర్ఘచతురస్రం నుంచి రెండు పక్కల ఖాళీలను తీసేస్తే సరి:

```
I = 150×300³/12 − 100×200³/12
  = 337.5×10⁶ − 66.67×10⁶ = 270.83×10⁶ mm⁴
```

టీ ఆకారం అయితే ముందు సెంట్రాయిడ్ వెతకాలి. అక్కడ తప్పు జరిగితే I, Q రెండూ తప్పుతాయి. ఈ దూలంలో ఆ తలనొప్పి లేదు.

## రెండో మెట్టు: Q, అసలు చిక్కంతా ఇక్కడే

Q అంటే ఒక విస్తీర్ణాన్ని, దాని సెంట్రాయిడ్‌కూ న్యూట్రల్ యాక్సిస్‌కూ మధ్య దూరంతో గుణించగా వచ్చేది. గుణించడం ఎవరైనా చేస్తారు. ఏ విస్తీర్ణం తీసుకోవాలన్నదే ప్రశ్న.

నేను ఎప్పుడూ ఇలా అడుగుతాను: ఈ మేకులన్నీ పీకేస్తే ఏ ముక్క విడిగా జారిపోతుంది? ఆ ముక్క విస్తీర్ణమే మేకుల లెక్కకు కావాల్సిన A'. మన దూలంలో పై వరుస మేకులు పీకితే విడిపోయేది పై ఫ్లాంజ్ మొత్తం, అంతే. వెబ్‌లో ఏ భాగమూ దానితో పోదు.

```
A' = 150 × 50 = 7500 mm²
ఫ్లాంజ్ సెంట్రాయిడ్ దూరం = 150 − 25 = 125 mm
Q(జాయింట్) = 7500 × 125 = 937 500 mm³
```

వెబ్‌లో గరిష్ఠ షియర్ స్ట్రెస్ కావాలంటే ప్రశ్న వేరు. అప్పుడు మనం జాయింట్ దగ్గర కాకుండా న్యూట్రల్ యాక్సిస్ దగ్గర చెక్కను కోస్తున్నాం. అక్కడ కోస్తే విడిపోయేది ఫ్లాంజ్, దానితోపాటు వెబ్ పై సగం:

```
Q(న్యూట్రల్ యాక్సిస్) = 937 500 + (50 × 100) × 50 = 1 187 500 mm³
```

ఈ రెండు Q లనూ కలగాపులగం చేయడమే నేను చూసిన లెక్కల్లో అన్నిటికన్నా ఎక్కువగా కనిపించే పొరపాటు. మేకులకు రెండో Q వాడితే అవసరానికి మించి మేకులు పడతాయి, ప్రమాదం లేదు. తలకిందులుగా, వెబ్ స్ట్రెస్‌కు మొదటి Q వాడితే గరిష్ఠం కన్నా తక్కువ విలువ చూసి సరిపోయిందనుకుంటాం. ఆ తప్పు అంత సులభంగా బయటపడదు, ఎందుకంటే అంకె చూడ్డానికి బాగానే ఉంటుంది.

ఇంకో సందేహం వస్తుంది: జాయింట్‌కు పైనున్న ముక్క తీసుకోవాలా, కిందనున్నదంతా తీసుకోవాలా? ఏది తీసుకున్నా ఒకటే. మొత్తం విస్తీర్ణానికి సెంట్రాయిడ్ చుట్టూ Q సున్నా కాబట్టి పై ముక్క, కింది ముక్క Q విలువలు పరిమాణంలో సమానం. రెండు విధాలా చేసి సరిపోల్చుకోవడం మంచి పరీక్ష కూడా.

## మూడో మెట్టు: వెబ్‌లో స్ట్రెస్ ఎలా పరుచుకుంటుంది

ఇప్పుడు పైనుంచి కిందికి ఒక్కో గీత దగ్గర τ లెక్కిద్దాం. ఆధారం పక్కన, V = 2000 N:

```
పై ముఖం                   Q = 0            τ = 0
ఫ్లాంజ్‌లో, జాయింట్‌కు పైన   Q = 937 500     τ = 6.923/150 = 0.046 MPa
వెబ్‌లో, జాయింట్‌కు కింద    Q = 937 500     τ = 6.923/50  = 0.138 MPa
వెబ్‌లో, యాక్సిస్‌కు 50 mm పైన  Q = 1 125 000   τ = 0.166 MPa
న్యూట్రల్ యాక్సిస్          Q = 1 187 500   τ = 0.175 MPa
```

రెండు, మూడు వరుసలను పక్కపక్కన చూడండి. Q అదే, షియర్ ఫ్లో కూడా అదే 6.92 N/mm. వెడల్పు 150 నుంచి 50 కి పడిపోయింది కాబట్టి స్ట్రెస్ ఒక్కసారిగా మూడు రెట్లు అయింది. గ్రాఫ్ గీస్తే అక్కడ మెట్టులా దూకుతుంది. షియర్ ఫ్లో మాత్రం దూకదు, నునుపుగానే సాగుతుంది. మేకుల లెక్కకు స్ట్రెస్ బదులు షియర్ ఫ్లో వాడటానికి కారణం ఇదే. మేకు మీద పడే బలానికి t తో సంబంధం లేదు. స్ట్రెస్ నుంచి మొదలుపెట్టినవాళ్లు దాన్ని మళ్లీ ఏ వెడల్పుతో గుణించాలో తెలియక ఇబ్బంది పడతారు, 150 తో గుణించాలా, 50 తో గుణించాలా అని. q తో మొదలుపెడితే ఆ ప్రశ్నే రాదు.

వెబ్ లోపల వంపు పారబోలా. అయితే చాలా బల్లపరుపు పారబోలా, అంచున 0.138, నడుమ 0.175. Q లో ఎక్కువ భాగం ఫ్లాంజ్ నుంచే వచ్చేసింది, వెబ్ తనవంతుగా కలిపింది కొంచెమే. ఒట్టి దీర్ఘచతురస్రపు దూలంలో అంచున సున్నా నుంచి మొదలై నడుమ సగటుకు ఒకటిన్నర రెట్లు చేరుతుంది. ఐ ఆకారంలో అంత నిటారు వంపు ఉండదు.

లెక్క సరిగ్గా వచ్చిందో లేదో చూసుకోవడానికి ఒక నమ్మకమైన దారి ఉంది. స్ట్రెస్‌ను విస్తీర్ణంపై కలిపితే మళ్లీ V రావాలి. పారబోలా కాబట్టి వెబ్ సగటు, అంచు విలువకు తేడాలో మూడింట రెండు వంతులు కలిపితే వస్తుంది:

```
వెబ్ సగటు = 0.1385 + (2/3)(0.1754 − 0.1385) = 0.1631 MPa
వెబ్ మోసేది = 0.1631 × 50 × 200 = 1631 N
ఫ్లాంజ్‌లు మోసేవి = 2 × 184.6 = 369 N
మొత్తం = 2000 N
```

వెబ్ వాటా 82 శాతం. పలచని ఫ్లాంజ్ ఉన్న ఉక్కు ఐ సెక్షన్‌లో ఇది 90 దాటుతుంది. అందుకే ఉక్కుకు షియర్ ఫోర్స్‌ను వెబ్ విస్తీర్ణంతో భాగించి సరిపెట్టుకుంటారు. ఇక్కడ అలా చేస్తే 2000/10 000 = 0.2 MPa వస్తుంది, అసలు గరిష్ఠం కన్నా ఎక్కువ. మందపు ఫ్లాంజ్‌లు తమ వాటా తాము మోస్తున్నందువల్ల అలా వచ్చింది.

ఫ్లాంజ్‌లో వచ్చిన 0.046 ను మాత్రం అక్షరాలా నమ్మకండి. ఫ్లాంజ్ రెక్కల అడుగు ముఖం గాలికి తెరిచి ఉంది, అక్కడ షియర్ సున్నా అయి తీరాలి. సూత్రమేమో వెడల్పంతా ఒకే విలువ అంటుంది. వెడల్పు అడ్డంగా τ మారదనే ఊహపై ఈ సూత్రం నిలబడింది, సన్నని వెబ్‌లో అది దాదాపు నిజం, వెడల్పాటి ఫ్లాంజ్‌లో కాదు. డిజైన్‌కు ఆ విలువ అక్కర్లేదు కాబట్టి నష్టం లేదు.

పీచు వెంబడి షియర్‌కు మెత్తటి కలపల్లో అనుమతించే విలువ సాధారణంగా 1 MPa కు అటూ ఇటూగా ఉంటుంది. 0.175 దానికి చాలా దూరం. చెక్కకు ఇబ్బంది లేదు. ఇక మేకుల సంగతి.

## నాలుగో మెట్టు: మేకుల దూరం

```
q = 2000 × 937 500 / 270.83×10⁶ = 6.92 N/mm
s = F / q = 500 / 6.92 = 72 mm
```

ప్రతి మేకు తనకు అటు సగం, ఇటు సగం, అంటే s పొడవులోని బలం మోస్తుంది. q × s ≤ F అన్నది అందుకే. 72 ను పైకి సవరించకూడదు, కిందికే: 70 మి.మీ. రెండు వరుసలు ఉంటే 2F వేసుకోవాలి, దూరం రెట్టింపవుతుంది.

ఈ 70 నిజంగా కొట్టగలిగే దూరమేనా? చెక్క చీలకుండా ఉండటానికి కోడ్‌లు మేకు వ్యాసానికి ఇన్ని రెట్లు అని కనీస దూరాలు ఇస్తాయి. యూరోకోడ్ 5 లో ముందుగా రంధ్రం చేయకుండా కొట్టే సన్నని మేకుకు, సాధారణ సాంద్రత గల కలపలో, పీచు వెంబడి 10 వ్యాసాలు, అంటే 40 మి.మీ. 70 దానికి పైనే. వెబ్ మందం 50, నడిమి గీత మీద కొడితే అంచుకు 25 మి.మీ. దూరం ఉంటుంది, కావాల్సింది 5 వ్యాసాలు, 20. ఫ్లాంజ్ దాటి వెబ్‌లోకి దిగే పొడవు 50 మి.మీ., కావాల్సిన 8 వ్యాసాలకు 32 సరిపోతుంది. అంచు దూరం లెక్క చూస్తే ఇంకో సంగతి కూడా తేలుతుంది: రెండో వరుసకు చోటు చాలదు. గీత తప్పి ఐదు మి.మీ. కన్నా ఎక్కువ పక్కకు కొడితే అంచు చీలే ప్రమాదం మొదలవుతుంది. అందుకే పైనుంచి కొట్టేటప్పుడు వెబ్ ఎక్కడుందో ఫ్లాంజ్ మీద గీసుకుని కొట్టాలి.

దూరం కనీసానికి దిగువకు వస్తే మేకులను ఇంకా దగ్గరగా కుక్కకండి. మేకు మార్చండి, స్క్రూ వాడండి, లేదా పలకల అమరిక మార్చండి. మూడో దారి చవకైనది, కాసేపట్లో చూద్దాం.

## స్పాన్ మధ్యలోనూ అంతే దగ్గరగా అక్కర్లేదు

షియర్ ఫోర్స్ ఆధారం దగ్గర 2000, మధ్యలో సున్నా. q కూడా అలాగే సన్నగిల్లుతుంది. ఆధారం నుంచి 1 మీటరు దూరంలో అది సగమే, 3.46 N/mm, అక్కడి నుంచి 144 మి.మీ. దూరం చాలు. మొదటి మీటరు 70, రెండో మీటరు 140 అని పెడితే సగం స్పాన్‌కు 29 మేకుల చోట దాదాపు 22 తో సరిపోతుంది.

దీన్ని వేరే దారిలో సరిచూడవచ్చు, నాకు ఎంతో నచ్చిన పరీక్ష ఇది. స్పాన్ మధ్యలో మూమెంట్ wL²/8 = 2×10⁶ N·mm. అక్కడ పై ఫ్లాంజ్‌లో మొత్తం ఒత్తిడి బలం:

```
MQ/I = 2×10⁶ × 937 500 / 270.83×10⁶ = 6923 N
```

దూలం చివర ఫ్లాంజ్‌లో బలం సున్నా. మధ్యలో 6923. ఈ బలమంతా ఆ 2 మీటర్లలోని మేకుల గుండానే ఫ్లాంజ్‌లోకి ఎక్కాలి, ఇంకో దారి లేదు. 6923/500 = 13.8, అంటే సగం స్పాన్‌కు ఎట్టి పరిస్థితుల్లోనూ 14 మేకులకు తగ్గకూడదు. మీ లెక్కలో మేకుల సంఖ్య దీనికన్నా తక్కువ వస్తే ఎక్కడో పొరపాటు ఉన్నట్టే, వెనక్కి వెళ్లి Q చూడండి.

## అదే చెక్క, వేరే అమరిక

ఇప్పుడు వెబ్‌ను 300 మి.మీ. పూర్తి ఎత్తుతో తీసుకుని, పైనా కిందా దాని రెండు పక్కలా 50 × 50 ముక్కలు పక్కనుంచి మేకులతో బిగించామనుకోండి. కోత ముఖం గీస్తే అచ్చం పాతదే. కొలతలు అవే, I అదే 270.83×10⁶, వెబ్‌లో స్ట్రెస్ కూడా అదే. ఒక్కటే మారింది, జాయింట్ ఎక్కడుందన్నది.

మళ్లీ అదే ప్రశ్న వేయండి. ఒక పక్క వరుస మేకులు పీకేస్తే ఏది విడిపోతుంది? ఒక్క 50 × 50 ముక్క.

```
Q = 50 × 50 × 125 = 312 500 mm³
q = 2000 × 312 500 / 270.83×10⁶ = 2.31 N/mm
s = 500 / 2.31 = 216 mm
```

72 కాస్తా 216 అయింది. వరుసలు ఇప్పుడు రెండు కాబట్టి మొత్తం మేకులు మూడో వంతుకు పడిపోవు, మూడింట రెండు వంతులు అవుతాయి. ఆ మిగులు ఎక్కడిదంటే, ఫ్లాంజ్‌లో నడిమి మూడో వంతు ఇప్పుడు వెబ్‌లో భాగమే, దాన్ని పట్టి ఉంచడానికి మేకు అక్కర్లేదు, చెక్క పీచే పట్టి ఉంచుతుంది. పైగా మేకులు ఇరుకు అంచులోకి కాక వెడల్పాటి ముఖంలోకి దిగుతాయి. పనిలో తేలిక కూడా ఇక్కడే.

కోత ముఖం బొమ్మ ఒక్కటే చూసి మేకుల దూరం చెప్పలేమని దీన్నిబట్టి తెలుస్తుంది. జాయింట్ గీత ఎక్కడ పడిందో తెలియాలి. పెట్టె ఆకారపు దూలంలోనూ ఇంతే. పై పలకను పక్క పలకల మధ్యలో ఇరికించారా, వాటి పైన పెట్టారా అన్నదాన్ని బట్టి విడిపోయే ముక్క వెడల్పు మారుతుంది. అక్కడ ఒక ముక్కను రెండు వరుసలు పట్టుకుంటాయి కాబట్టి q ను రెండుగా పంచుకోవడం మరిచిపోకూడదు.

## ఈ లెక్క చెప్పనిది: మేకు కొంచెం కదులుతుంది

VQ/I సూత్రం మూడు పలకలూ ఒకే ముద్దగా వంగుతాయని అనుకుంటుంది. జిగురు బాగా పట్టిన దూలంలో అది నిజం. మేకు మాత్రం చెక్కను కొంచెం నొక్కుకున్నాకే బలం తీసుకుంటుంది. ఆ కొంచెం ఎంతో మన దూలానికే లెక్కిద్దాం.

అసలు జోడింపే లేకపోతే మూడు పలకల I ల మొత్తం 36.5×10⁶. పూర్తిగా జోడిస్తే 270.8×10⁶, ఏడు రెట్లకు పైన. మేకులతో మనం ఈ రెండింటి మధ్య ఎక్కడో ఉంటాం. ఎక్కడన్నది యూరోకోడ్ 5 అనుబంధం B లోని γ పద్ధతి చెబుతుంది, γ అంటే జోడింపు ఎంత మేరకు దక్కిందన్నది. ఒక్కో మేకు జారుడు దృఢత్వం K = 800 N/mm అనుకుంటే (4 మి.మీ. మేకుకు, మధ్యరకం సాంద్రత గల మెత్తటి కలపలో ఆ కోడ్ సూత్రం ఇంచుమించు ఇంతే ఇస్తుంది), కలప ఎలాస్టిక్ మాడ్యులస్ E = 10 000 MPa తో:

```
γ = 1 / (1 + π² E A s / (K L²))
  = 1 / (1 + π² × 10 000 × 7500 × 70 / (800 × 4000²))
  = 0.20
I(ప్రభావవంతం) = 36.5×10⁶ + 0.198 × 234.4×10⁶ ≈ 83×10⁶ mm⁴
```

బలానికి సరిగ్గా సరిపడా మేకులు కొట్టినా, 271 అనుకున్న చోట చేతికొచ్చింది 83. ఈ అంకె మొదటిసారి చూసినవాళ్లు లెక్క తప్పిందనుకుంటారు. తప్పలేదు. మందపాటి పలకలను సన్నని మేకులతో కలిపితే జోడింపు ఇంతే దక్కుతుంది.

దీనివల్ల ఏవి మారతాయో విడిగా చూడాలి. మేకు మీద పడే బలం తగ్గుతుంది, 6.92 బదులు సుమారు 4.5 N/mm. కాబట్టి మేకుల బలం వరకు మన 70 మి.మీ. సురక్షితమే. వెబ్ గరిష్ఠ షియర్ 0.175 నుంచి 0.21 MPa కు పెరుగుతుంది, ఇబ్బంది లేదు. అసలు తేడా వెబ్ అంచు దగ్గర బెండింగ్ స్ట్రెస్‌లో ఉంది. అది 0.74 నుంచి 2.4 MPa కు, మూడు రెట్లకు పైగా ఎగబాకుతుంది. స్పాన్ మధ్యలో వంపు 1.2 మి.మీ. అనుకున్నది 4 మి.మీ. అవుతుంది. మన దూలం మీద లోడ్ తక్కువ కాబట్టి ఇవి కూడా మోయగలిగినవే. లోడ్ ఎక్కువున్న చోట మాత్రం మేకుల దూరానికి VQ/I వాడి, ఆ తర్వాత అదే పూర్తి I తో వంపు కూడా చూసుకుని సంతకం పెట్టేస్తే, దూలం అనుకున్నదానికన్నా మూడింతలు కుంగుతుంది.

ఇంతకుముందు స్పాన్ మధ్యలో 140 మి.మీ. చాలన్నాను. బలం వరకు అది నిజమే, కానీ γ మరికొంచెం తగ్గుతుంది. వంపు మీ డిజైన్‌లో కీలకమైతే మేకులు మిగుల్చుకోవాలనుకోకండి. 70 నే చివరిదాకా కొట్టండి, లేదా జాయింట్‌కు జిగురు రాసి మేకులను అది ఆరేదాకా పట్టి ఉంచే బిగింపుగా వాడండి. జిగురు, మేకు కలిపి బలం మోస్తాయని రెండింటినీ కూడకండి. జిగురు చాలా బిగుసు కాబట్టి బలమంతా ముందు అదే తీసుకుంటుంది, అది తెగాకే మేకు వంతు వస్తుంది.

కట్టిన దూలం ఎలా పనిచేస్తోందో తెలుసుకోవాలంటే లోడ్ పెట్టకముందే రెండు చివర్లలో ఫ్లాంజ్ నుంచి వెబ్ మీదికి, జాయింట్‌ను దాటేలా ఒక సన్నని నిలువు పెన్సిల్ గీత గీయండి. లోడ్ పెట్టాక ఆ గీత జాయింట్ దగ్గర విరిగి పక్కకు జరుగుతుంది. మన లెక్క ప్రకారం చివరి మేకు మీద సుమారు 314 న్యూటన్లు, దాన్ని 800 తో భాగిస్తే దాదాపు 0.4 మి.మీ. జారుడు. అంతకు ఇంచుమించుగా కనిపిస్తే మేకులు తమ పని చేస్తున్నట్టే. ఒక మిల్లీమీటరు దాటి జరిగితే కొన్ని మేకులు వెబ్‌ను తప్పి పక్కకు దిగి ఉండాలి, లేదా వెబ్ అంచు చీలి ఉండాలి. గీత జరిగిన చివర నుంచే ఫ్లాంజ్ అడుగు వైపు వెతకడం మొదలుపెట్టండి. తప్పిపోయిన మేకు మొన వెబ్ పక్కన బయటికి పొడుచుకుని కనిపిస్తుంది.